బంగారు గాజులో దాగిన గుండు

ఒక బంగారు గాజు చేయాలి. లోపలివైపు చదునుగా ఉండి చేతికి ఆనుతుంది, బయటివైపు నున్నగా ఉబ్బి ఉంటుంది. గాజును ఒకచోట అడ్డంగా కోసి చూస్తే ఆ కోత సరిగ్గా అర్ధవృత్తం. తీగ వెడల్పు 4 మిల్లీమీటర్లు, అంటే అర్ధవృత్తపు వ్యాసార్థం 2 మిల్లీమీటర్లు. సైజు రెండు-నాలుగు. కంసాలి ముందు కమ్మచ్చులోంచి ఇదే కోత వచ్చేలా తిన్నని తీగ లాగుతాడు. దాన్ని కొంత పొడవుకు తెగ్గొట్టి, వంచి, కొసలు కలిపి అతుకుతాడు. మన ప్రశ్న ఆ పొడవు ఎంత అన్నదే. అది తెలిస్తే బంగారం ఎంత పడుతుందో కూడా తెలుస్తుంది.

లోపలి చుట్టుకొలత పొడవున కోస్తే తీగ చాలదు. వంచినప్పుడు బయటి అంచు సాగి ఇంకా ఎక్కువ దూరం తిరగాలి కదా. పోనీ బయటి చుట్టుకొలత తీసుకుంటే మిగిలిపోతుంది. సరైన పొడవు ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంది. ఆ 'ఎక్కడో' ఎక్కడన్నది కచ్చితంగా చెప్పే సిద్ధాంతం ఒకటుంది. క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న పాపస్ రాతల్లో అది మొదట కనిపిస్తుంది.

సిద్ధాంతం ఇది. ఒక సమతల ఆకారాన్ని, అదే తలంలో ఉంటూ ఆ ఆకారాన్ని ఖండించని ఒక గీత చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. అది ఊడ్చుకుంటూ వెళ్లిన చోటు ఒక ఘనాకారం అవుతుంది. దాని ఘనపరిమాణం, ఆకారపు వైశాల్యాన్ని ఆ చుట్టులో ఆకారపు గురుత్వ కేంద్రం నడిచిన దూరంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. గీత నుంచి గురుత్వ కేంద్రానికి దూరం d అయితే:

V = A × 2πd

ఆకారం త్రిభుజమైనా, అర్ధవృత్తమైనా, మామిడికాయ గీసినట్టున్నా ఈ సూత్రానికి పట్టింపు లేదు. దానికి రెండే సంగతులు కావాలి. ఆకారం ఎంత పెద్దది, దాని గురుత్వ కేంద్రం గీతకు ఎంత దూరంలో ఉంది. ఒక ఆకారంలోని వంపులూ మూలలూ అన్నీ వదిలేసి రెండు అంకెలతో సరిపెట్టుకోవడం మొదట అనుమానంగానే ఉంటుంది. కాబట్టి ఎందుకు కుదురుతుందో చూద్దాం.

ఆకారాన్ని గ్రాఫు కాగితం మీద గీశామనుకోండి. చిన్నచిన్న గడులుగా విడిపోతుంది. గడి వెడల్పు h, ఎత్తు k, గడి మధ్యబిందువుకు గీత నుంచి దూరం x. ఈ గడిని తిప్పితే పలచని ఒక చక్రం వస్తుంది. దాని బయటి వ్యాసార్థం x + h/2, లోపలిది x − h/2. ఈ రెండింటి వర్గాల తేడా 2xh. అందుచేత చక్రపు ఘనపరిమాణం π × 2xh × k, అంటే గడి వైశాల్యం hk ని దాని మధ్యబిందువు నడిచిన దూరం 2πx తో గుణించినంత. ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు. దీర్ఘచతురస్రపు గడికి సిద్ధాంతం అక్షరాలా నిజం.

ఇక మొత్తం ఆకారానికి, ఒక్కో గడి వైశాల్యాన్ని దాని x తో గుణించి అన్నీ కూడి, చివర 2π తో గుణించాలి. గురుత్వ కేంద్రపు నిర్వచనం సరిగ్గా ఆ కూడికే. గడుల వైశాల్యాలను వాటి దూరాలతో గుణించి కూడినది, మొత్తం వైశాల్యాన్ని d తో గుణించినదానికి సమానమయ్యేలా ఉండే d యే గురుత్వ కేంద్రపు దూరం. కూడిక స్థానంలో A × d పెడితే సూత్రం వచ్చేసింది. మిగిలింది ఆకారపు అంచున తెగిపోయిన సగం గడులు. గడులను ఇంకా ఇంకా చిన్నవి చేస్తూ పోతే వాటి వంతు సున్నాకు చేరుతుంది.

అంటే మన గాజుకు కావలసింది అర్ధవృత్తపు గురుత్వ కేంద్రం. దీన్ని సమాకలనంతో కనుక్కోవచ్చు గానీ, సిద్ధాంతాన్ని తలకిందులుగా వాడితే ఇంకా సులువు. అర్ధవృత్తాన్ని దాని చదును అంచు చుట్టూ, అంటే వ్యాసం చుట్టూ తిప్పితే గోళం వస్తుంది. గోళపు ఘనపరిమాణం ఆర్కిమెడిస్ ఏనాడో కనుక్కున్నదే, 4πr³/3. అర్ధవృత్తపు వైశాల్యం πr²/2. కనుక:

4πr³/3 = (πr²/2) × 2πd

ఇందులోంచి d = 4r/3π, అంటే వ్యాసార్థంలో సుమారు 0.424 వంతు. తెలిసిన ఘనపరిమాణం నుంచి తెలియని గురుత్వ కేంద్రాన్ని రాబట్టాం. ఈ సిద్ధాంతాన్ని ఇలా వెనక్కి నడిపించడం ముందుకు నడిపించినంత ఉపయోగమే.

మన తీగకు r = 2 మి.మీ. కాబట్టి గురుత్వ కేంద్రం చదును అంచు నుంచి 0.849 మి.మీ. దూరంలో ఉంటుంది. తీగ మందం 2 మి.మీ.; అందులో సగం 1 మి.మీ. గురుత్వ కేంద్రం మందానికి నడుమ లేదని, చదునువైపు కాస్త జరిగి ఉందని గమనించండి. ఉబ్బువైపు పోనుపోను ఆకారం సన్నబడుతుంది, లోహమంతా చదునువైపే ఎక్కువగా ఉంది.

ఇప్పుడు గాజు సైజు. ఇక్కడ జాగ్రత్త అవసరం. రెండు-నాలుగు అంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే 2.25 అంగుళాలు. దుకాణంలో దాన్ని 2.4 అని రాసినా అది దశాంశం కాదు. దశాంశంగా చదివితే లోపలి వ్యాసం దాదాపు 61 మి.మీ. వస్తుంది, అది రెండు-ఆరు సైజు కన్నా కూడా పెద్దది. అసలు వ్యాసం 57.15 మి.మీ. వ్యాసార్థం R = 28.575 మి.మీ.

గాజు నడిమధ్య నుంచి గురుత్వ కేంద్రానికి దూరం 28.575 + 0.849 = 29.424 మి.మీ. అది ఒక చుట్టులో నడిచే దూరం 2π × 29.424, అంటే 184.9 మి.మీ. అర్ధవృత్తపు వైశాల్యం 6.283 చదరపు మి.మీ. రెండింటినీ గుణిస్తే 1161.6 ఘన మి.మీ., అంటే 1.162 ఘన సెంటీమీటర్లు. 22 క్యారెట్ల బంగారం సాంద్రత, అందులో కలిపిన రాగి, వెండి పాళ్లను బట్టి కాస్త మారుతుంది. ఘన సెంటీమీటరుకు 17.7 గ్రాములు తీసుకుందాం. గాజు బరువు 20.6 గ్రాములు. తులం 10 గ్రాముల లెక్కన రెండు తులాలకు కాస్త పైన.

తీగ పొడవు సంగతి కూడా ఇందులోనే తేలింది. తిన్నని తీగ ఘనపరిమాణం వైశాల్యం × పొడవు. వంచినా లోహం పెరగదు, తరగదు. గాజుగా మారాక కోత అదే అర్ధవృత్తంగా నిలవాలంటే, తీగ పొడవు గురుత్వ కేంద్రం నడిచిన దారి పొడవంతే ఉండాలి: 184.9 మి.మీ. నిజానికి వంచేటప్పుడు కోత ఆకారం కొద్దిగా చెదురుతుంది, లోపలివైపు లోహం నొక్కుకుని ఒత్తవుతుంది. దాన్ని సుత్తితో, ఆకురాయితో సరిచేస్తారు. ఆకురాయి రాల్చిన రజను ఈ లెక్కలోకి రాదు, అది తరుగు పద్దు.

లోపలి చుట్టుకొలత 179.5 మి.మీ. దానికి మనం కలిపినది 5.33 మి.మీ. ఈ అంకెను కాస్త తిరగేసి చూడండి. అది 2π × 4r/3π, అంటే 8r/3. తీగ వెడల్పు 2r కాబట్టి, కలపాల్సిన పొడవు తీగ వెడల్పుకు ఒకటీ మూడో వంతు రెట్లు. π పోయింది. దానితోబాటు R కూడా పోయింది. చంటిపిల్ల గాజుకైనా, వాళ్ల నాయనమ్మ గాజుకైనా, ఇదే తీగ వాడితే లోపలి చుట్టుకొలతకు కలపాల్సింది అదే 5.33 మి.మీ.

ఈ అదనపు ముక్కలో లోహం ఎంత? వైశాల్యం πr²/2 ని 8r/3 తో గుణిస్తే 4πr³/3. అది వ్యాసార్థం r ఉన్న గోళపు ఘనపరిమాణం! అంటే గాజులోని బంగారం = లోపలి చుట్టుకొలతంత పొడవున్న తిన్నని తీగలోని బంగారం + 4 మి.మీ. వ్యాసమున్న ఒక బంగారు గుండు. మన అంకెల్లో 1128.1 + 33.5 = 1161.6. గుండు బరువు సుమారు 0.59 గ్రాములు. గాజు ఎంత పెద్దదైనా ఆ గుండు మాత్రం మారదు.

ఇది లెక్క చేసిన చమత్కారమా, నిజంగా గాజులో గోళం ఉందా? సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, వేరే దారిలో వెళ్లి చూద్దాం. గాజును బల్లమీద పడుకోబెట్టి, బల్లకు సమాంతరంగా పలచని పొరలుగా కోయండి. ప్రతి పొరా ఒక వలయం. నడిమి పొర నుంచి z ఎత్తులో ఉన్న వలయం వెడల్పు w అనుకుంటే, w² = r² − z². వలయపు లోపలి వ్యాసార్థం R, బయటిది R + w. వలయపు వైశాల్యం:

π(R + w)² − πR² = 2πR·w + πw²

కుడివైపు మొదటి పదం, 2πR పొడవు, w వెడల్పు ఉన్న పట్టీ. తిన్నని తీగను అదే ఎత్తులో కోస్తే వచ్చే పొర అది. రెండో పదం πw², వ్యాసార్థం r ఉన్న గోళాన్ని అదే ఎత్తులో కోస్తే వచ్చే బిళ్ల. ప్రతి ఎత్తులోనూ గాజు పొర, తీగ పొరా గుండు పొరా కలిసినంత. కాబట్టి మొత్తం గాజు, మొత్తం తీగా మొత్తం గుండూ కలిసినంత. గుండు నిజంగానే అక్కడుంది, గాజు చుట్టూ పలచగా పరుచుకుని.

ఇలా పొరలు పోల్చి ఘనపరిమాణాలు సమానమని చెప్పే పద్ధతిని యూరప్‌లో సిద్ధాంతంగా నిలబెట్టినవాడు ఇటలీకి చెందిన బొనవెంతూరా కావలియరి. మన సిద్ధాంతానికి పాపస్‌తో పాటు పేరు పంచుకున్న పాల్ గుల్డిన్‌కు ఈ పద్ధతి అస్సలు గిట్టేది కాదు. గుల్డిన్ 1577లో స్విట్జర్లాండ్‌లోని సెంట్ గాలెన్‌లో పుట్టాడు. కుర్రతనంలో చేసిన పని బంగారు పని. ఇరవయ్యో ఏట ప్రొటెస్టెంటు మతం వదిలి జెసూట్ సంఘంలో చేరి, తర్వాత వియన్నా, గ్రాజ్ నగరాల్లో గణితం చెప్పాడు. 1635 నుంచి 1641 దాకా నాలుగు భాగాలుగా వెలువడిన 'సెంట్రోబారికా' అనే గ్రంథం నిండా గురుత్వ కేంద్రాలే. తీగ లాగి, వంచి, తూచిన చేతులు అలాంటి పుస్తకం రాయడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు, అయితే ఆ పనితనమే ఈ ఆలోచనకు మూలమని చెప్పడానికి ఆధారమేమీ లేదు.

గుల్డిన్ సిద్ధాంతాన్ని ప్రకటించాడు గానీ ఇచ్చిన నిరూపణ నిలిచేది కాదు. రకరకాల ఆకారాలకు లెక్క సరిపోతోందని చూపించాడు, గురుత్వ కేంద్రానికి ఉన్న ప్రత్యేక స్థానం గురించి తాత్విక వాదం చేశాడు. మరోపక్క, అనంతమైన పలచని పొరలను కూడడం జ్యామితి కాదంటూ కావలియరి మీద విరుచుకుపడ్డాడు. 1643లో గుల్డిన్ చనిపోయాక, 1647లో వెలువడిన తన చివరి పుస్తకంలో కావలియరి జవాబిచ్చాడు. మీరు నిరూపించలేకపోయిన మీ సిద్ధాంతాన్ని నా పద్ధతితోనే నిరూపించవచ్చు అన్నది ఆ జవాబులో ఒక భాగం. ఇంతకన్నా మర్యాదగా దెబ్బకొట్టడం కష్టం. పాపస్ పుస్తకం 1588 నుంచే లాటిన్‌లో అచ్చులో ఉంది కాబట్టి, గుల్డిన్ దాన్ని చూసి చెప్పకుండా వాడుకున్నాడా అన్న వివాదం వేరే నడిచింది. దాని జోలికి వెళ్లను.

ఇక లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం. నగలపనిలో బాగా తెలిసిన సూత్రం ఒకటుంది. లోపలి వ్యాసానికి లోహపు మందం కలిపి 3.14తో గుణించు, అదే తీగ పొడవు అని. మందానికి నడుమన ఉన్న బిందువు నడిచిన దారినే ఇది కొలుస్తోంది. చదరపు తీగకూ, గుండ్రటి తీగకూ గురుత్వ కేంద్రం సరిగ్గా నడుమనే ఉంటుంది, కాబట్టి వాటికి ఈ సూత్రం పాపస్ సిద్ధాంతమే. మన అర్ధవృత్తపు తీగకు అది 185.7 మి.మీ. అంటుంది. దాదాపు ఒక మి.మీ. ఎక్కువ, బంగారంలో 0.1 గ్రాము. అతుకు దగ్గర రాసుకునే కంసాలికి అది బాధే కాదు, కొంచెం ఎక్కువుండటమే మేలు. కానీ అదే తీగను తిప్పి, చదును బయటికి, ఉబ్బు లోపలికి పెట్టి చుట్టండి. అప్పుడు గురుత్వ కేంద్రం బయటి అంచుకు దగ్గరగా ఉంటుంది, నడిమి సూత్రం తీగను ఒక మి.మీ. తక్కువ చూపిస్తుంది. ఈ సందర్భంలో బయటి చుట్టుకొలతంత తీగలోంచి గుండును తీసేయాలి.

గాజు బోలుగా ఉంటే వేరే సంగతి. పలచని రేకుతో చేసిన గాజులో లోహం అర్ధవృత్తం నిండా లేదు, దాని అంచు వెంట మాత్రమే ఉంది. అప్పుడు కావలసింది వైశాల్యపు గురుత్వ కేంద్రం కాదు, గీతది. అర్ధవృత్తపు చాపానికి అది చదును నుంచి 2r/π దూరంలో, మన కొలతల్లో 1.27 మి.మీ. దగ్గర ఉంటుంది, 0.85 దగ్గర కాదు. చదును రేకు వంతు వేరుగా లెక్కకట్టి కలపాలి. బంగారు పూత వేయడానికి పై వైశాల్యం లెక్కించేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పాపస్, గుల్డిన్‌ల పేరుతో ఉన్న సిద్ధాంతాలు రెండు. ఘనపరిమాణానికి ఒకటి, ఉపరితలానికి ఇంకొకటి. ఒకదాని గురుత్వ కేంద్రాన్ని తెచ్చి మరోదానిలో వేయడం ఈ లెక్కల్లో తరచూ కనిపించే తప్పు.

ఆకారం గీతను ఖండించకూడదన్న షరతు కూడా ఊరికే పెట్టింది కాదు. పూర్తి వృత్తాన్ని దాని వ్యాసం చుట్టూ తిప్పితే గురుత్వ కేంద్రం గీత మీదే ఉంది, నడిచిన దూరం సున్నా. సూత్రం ఘనపరిమాణం సున్నా అంటుంది, ఎదురుగా గోళం కనిపిస్తుంటే. గీతకు అటూ ఇటూ ఉన్న సగాలు కూడికలో ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. జవాబు మరీ చిన్నదిగా వచ్చిందంటే ముందు ఈ షరతునే అనుమానించాలి.

చివరిగా, గుండ్రంగా లేని గాజు. మణికట్టుకు సరిపోయేలా కడియాలను కోలగా చేస్తారు. అక్కడ తిరిగే గీత ఒక్కటి లేదు, వంపు చోటుచోటుకీ మారుతుంది. అయినా తీగ కోత అడుగడుగునా తన దారికి నిటారుగా నిలిచినంతకాలం, వైశాల్యాన్ని గురుత్వ కేంద్రపు దారి పొడవుతో గుణిస్తే చాలు. ప్రతి చిన్న ముక్కా ఏదో ఒక వృత్తంలో భాగమే కదా. మరి గుండు ఏమవుతుంది? లోపలి దారి నాలుగు పలకలుగా ఉన్న గాజును ఊహించుకోండి. నాలుగు తిన్నని భుజాల దగ్గర అదనమేమీ లేదు, అక్కడ ఉన్నది తిన్నని తీగే. అదనమంతా మూలల్లోనే ఉంది. ఒక్కో మూల చుట్టూ ఉబ్బు 90 డిగ్రీలు తిరుగుతుంది, తిరిగి సరిగ్గా పావు గుండును నింపుతుంది. నాలుగు మూలలకూ ఒక గుండు. కోల కడియానికి మూలలు లేకపోయినా తిరుగుడు మొత్తం 360 డిగ్రీలే, అదే గుండు. కొసలు అతకకుండా వదిలిన గుండ్రటి కడియంలో సందు 30 డిగ్రీలైతే, గుండులో పన్నెండింట పదకొండు వంతులు. దారి ఎక్కడైనా లోపలికి నొక్కుకుపోయి ఉంటే, అక్కడి తిరుగుడు వ్యతిరేకం కాబట్టి గుండులో ఆ వంతు తీసేయాలి, మిగతా మూలలు దాన్ని తిరిగి పూరిస్తాయి. కాకపోతే ఆ నొక్కు 2 మి.మీ. కన్నా చిన్న వ్యాసార్థంతో మడిచినట్టు ఉంటే ఉబ్బు తనమీద తానే ఎక్కుతుంది. అప్పుడు ఒకే చోటు లెక్కలోకి రెండుసార్లు వస్తుంది, సూత్రం పనిచేయదు.